బ్యాచ్ ఫ్యాక్టరీ దాటేముందు: ఫర్మ్‌వేర్ లాక్, బూట్‌లోడర్ తనిఖీలో జాగ్రత్తలు

పొలంలో మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ బోర్డు తయారుచేస్తున్నారనుకుందాం. లోపల ఉన్నది STM32F401RE చిప్, 512 కేబీ ఫ్లాష్. బోర్డు రైతు దగ్గరికి చేరాక కొత్త ఫర్మ్‌వేర్‌ను జీఎస్‌ఎం ద్వారానే పంపాలి. ఆ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోవడం మామూలే. బోర్డు విప్పి అందులోని కోడ్ కాపీ కొట్టాలని చూసేవాళ్లూ ఉంటారు. మొదటి బ్యాచ్ బయటికి పంపేముందు ఈ రెండింటికీ విడివిడిగా ఏర్పాటు చేసుకోవాలి. కోడ్ బయటికి పోకుండా ఆపేది రీడ్‌అవుట్ ప్రొటెక్షన్, అంటే ఆర్‌డీపీ. పాడైన కోడో, పరాయి కోడో రన్ కాకుండా ఆపేది బూట్‌లోడర్ చేసే తనిఖీ. ఒకటి పెట్టాం కదా, రెండోదాని పని కూడా అయిపోయిందనుకుంటేనే చిక్కు.

ముందు ఆర్‌డీపీ సంగతి. ఈ చిప్‌లో ఆప్షన్ బైట్లలోని ఒక బైటే అంతా నిర్ణయిస్తుంది. అందులో 0xAA ఉంటే లెవెల్ 0, తాళం లేనట్టే. 0xCC ఉంటే లెవెల్ 2. ఇంకే విలువ ఉన్నా లెవెల్ 1. లెవెల్ 1లో డీబగ్గర్ తగిలిస్తే ఫ్లాష్ చదవనివ్వదు. తిరిగి లెవెల్ 0కి తెస్తే ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. లెవెల్ 2 నుంచి మాత్రం వెనక్కి రావడానికి అధికారికంగా ఏ దారీ లేదు. డీబగ్ పోర్టు శాశ్వతంగా మూసుకుపోతుంది, ఆప్షన్ బైట్లు మళ్లీ మార్చలేం. పాడైన బోర్డు వెనక్కి వస్తే కారణం వెతకడానికి చిప్ తయారుచేసిన కంపెనీ కూడా లోపలికి చూడలేదు. మన బూట్‌లోడర్ ద్వారా అప్‌డేట్లు మాత్రం లెవెల్ 2లోనూ నడుస్తాయి, ఎందుకంటే ఫ్లాష్ రాసేది చిప్‌లోని మన కోడే.

నా సలహా: మొదటి బ్యాచ్‌కు లెవెల్ 1 చాలు. ఫీల్డ్ నుంచి వెనక్కొచ్చిన బోర్డులను పరీక్షించడం పూర్తయ్యి, బూట్‌లోడర్ మీద నమ్మకం కుదిరాకే లెవెల్ 2 గురించి ఆలోచించండి. ప్రొడక్షన్ స్క్రిప్టులో 0xCC అనే విలువ ఎక్కడా లేకుండా చూసుకోండి. ఒక్క టైపింగ్ పొరపాటుతో ట్రే మొత్తానికి శాశ్వతంగా తాళం పడుతుంది.

లెవెల్ 1 ఏం కాపాడదో కూడా తెలిసుండాలి. ఫ్లాష్ మూసుకున్నా ర్యామ్ డీబగ్గర్‌కు తెరిచే ఉంటుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఏఐఎస్‌ఈసీ పరిశోధకులు 2017లో STM32F0 చిప్‌ల మీద దీన్నే వాడుకున్నారు. బోర్డును పదే పదే రీసెట్ చేస్తూ, ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు నడవనిచ్చి ఆపి, ర్యామ్‌లో మిగిలినవి చదివారు. స్టార్టప్‌లో ఫర్మ్‌వేర్ తన సీఆర్‌సీ తానే లెక్కపెట్టుకుంటుంటే, ఆ మధ్య విలువలు ఒక్కొక్కటీ దొరుకుతాయి. వరుసగా వచ్చే రెండు విలువలు తెలిస్తే వాటి మధ్య లెక్కలోకి వెళ్లిన డేటా ఏమిటో రాబట్టవచ్చు. అంటే కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే తనిఖీయే కోడ్ బయటికి పోయే దారి కాగలదు. అందుకే సీఆర్‌సీ మధ్య విలువను లూప్‌లో ప్రతిసారీ ర్యామ్ వేరియబుల్‌లోకి రాయకండి. పని అయ్యాక స్టాక్‌లో, బఫర్లలో మిగిలినదాన్ని సున్నాలతో నింపండి. అన్ని బోర్డులకూ ఒకే రహస్య కీ పెట్టడం అన్నిటికంటే ప్రమాదం, ఒక్క బోర్డులో అది దొరికితే బ్యాచ్ అంతా పోయినట్టే.

చిప్ ఇంకా ఖరారు కాకపోతే ఇంకో మాట. చవకగా దొరికే STM32F103లో లెవెల్ 2 అనేదే లేదు. దాని రీడ్ ప్రొటెక్షన్ ఉండగానే డీబగ్గర్‌తో ఫర్మ్‌వేర్‌లో ఎక్కువ భాగాన్ని బయటికి తీయవచ్చని 2020లో పరిశోధకులు చూపించారు. కాపాడుకోవాల్సిన కోడ్ ఉంటే దాన్ని ఎంచుకోకండి.

ఇక బూట్‌లోడర్ పని. మన ఉదాహరణలో బూట్‌లోడర్ సెక్టర్ 0, 1లో ఉంటుంది, మొత్తం 32 కేబీ. అప్లికేషన్ సెక్టర్ 5లో, అంటే 0x08020000 దగ్గర మొదలవుతుంది. కొత్తగా దిగే ఇమేజ్‌కు సెక్టర్ 6. ఒక్కో స్లాట్ 128 కేబీ. స్లాట్‌లో మొదటి 0x200 బైట్లు హెడర్‌కు వదిలితే వెక్టర్ టేబుల్ 0x08020200 దగ్గర పడుతుంది. ఈ చిప్‌లో వెక్టర్ టేబుల్ 512 బైట్ల హద్దు మీద ఉండాలి కాబట్టి హెడర్‌కు అంత చోటు వదిలాం. లింకర్ స్క్రిప్టులోనూ, VTOR రిజిస్టర్‌లోనూ ఇదే అడ్రస్ ఉందో లేదో చూడండి. అప్లికేషన్‌లోని SystemInit గనక VTORను మళ్లీ 0x08000000కి మారిస్తే, మొదటి ఇంటరప్ట్ వచ్చేదాకా అంతా బాగానే నడిచి, ఆ తర్వాత బోర్డు ఉన్నట్టుండి నిలిచిపోతుంది.

తనిఖీ వరుస ఇలా ఉండాలి. ఇందులో APP_BASE అంటే వెక్టర్ టేబుల్ మొదలయ్యే అడ్రస్, sp అంటే ఆ టేబుల్‌లోని మొదటి పదం, అంటే స్టాక్ మొదలయ్యే చోటు:

```c
if (h->magic != IMG_MAGIC) return 0;
if (h->size < 0x200 || h->size > 0x1FE00) return 0;
if (h->size & 3) return 0;
if (crc_hw(APP_BASE, h->size / 4) != h->crc) return 0;
if (sp < 0x20000000 || sp > 0x20018000) return 0;
```

సైజును సీఆర్‌సీ కంటే ముందే చూడటానికి కారణం ఉంది. చెరిపిన ఫ్లాష్‌లో ప్రతి పదమూ 0xFFFFFFFF. దాన్నే సైజుగా నమ్మి సీఆర్‌సీ మొదలుపెడితే చదవడం ఫ్లాష్ చివర దాటిపోతుంది, బస్ ఫాల్ట్ వస్తుంది, బూట్‌లోడరే హార్డ్‌ఫాల్ట్‌లో ఇరుక్కుంటుంది. కాపాడాల్సిన కోడే బోర్డును చంపేస్తుందన్నమాట. సైజు సున్నా అయితే ఇంకో మాయ: ఒక్క పదం కూడా వేయని సీఆర్‌సీ యూనిట్ ఇచ్చే విలువ 0xFFFFFFFF, హెడర్‌లో సీఆర్‌సీ ఇంకా రాయకపోతే అక్కడ ఉండేదీ అదే. రెండూ సరిపోయి ఖాళీ ఇమేజ్ పాసైపోతుంది.

పీసీలో లెక్కపెట్టిన సీఆర్‌సీ, చిప్ లెక్కపెట్టిన సీఆర్‌సీ కలవకపోవడం చాలామందికి ఎదురయ్యే సమస్య. జిప్ ఫైళ్లలో వాడే సీఆర్‌సీ32, ఈ హార్డ్‌వేర్ యూనిట్ వాడేది ఒకే పాలినామియల్, 0x04C11DB7. కానీ ఈ యూనిట్ బిట్లను తిప్పదు, చివర్లో ఎక్సార్ చేయదు, 32 బిట్ల పదాలను యథాతథంగా తీసుకుంటుంది. తేడా ఎక్కడుందో తేల్చడానికి 0x00000000 అనే ఒక్క పదం ఇచ్చి చూడండి. హార్డ్‌వేర్ 0xC704DD7B ఇస్తుంది. మీ పీసీ టూల్ 0x2144DF1C ఇస్తే అది జిప్ పద్ధతిలో లెక్కపెడుతోందని అర్థం. ఇది కలిసినా అసలు ఇమేజ్‌తో కలవకపోతే పదాల్లో బైట్ల వరుస తారుమారైందేమో, ఖాళీలను 0xFFతో నింపారో లేదో చూడండి.

కరెంటు పోయినప్పటి సంగతి హెడర్ రాసే వరుసలో తేలుతుంది. కొత్త ఇమేజ్ సెక్టర్ 6లోకి పూర్తిగా దిగాలి, అక్కడే తనిఖీ పాసవ్వాలి, ఆ తర్వాతే సెక్టర్ 5ను చెరపాలి. కాపీ చేసేటప్పుడు కోడ్ అంతా ముందు రాసి, హెడర్‌ను చిట్టచివర రాయండి. మధ్యలో కరెంటు పోతే సెక్టర్ 5 హెడర్ ఖాళీగా ఉంటుంది, బూట్‌లోడర్ లేచి సెక్టర్ 6 నుంచి కాపీ మళ్లీ మొదలుపెడుతుంది. 128 కేబీ సెక్టర్ చెరపడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఆ సమయంలో ఫ్లాష్ నుంచి నడిచే కోడ్ ఆగిపోతుంది. వాచ్‌డాగ్ గడువు అంతకంటే తక్కువుంటే ప్రతి అప్‌డేట్ రీసెట్‌తో ముగుస్తుంది. తనిఖీ తప్పితే బూట్‌లోడర్ ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టండి: కాంటాక్టర్ రిలే ఆఫ్‌లోనే ఉండాలి, ఎర్ర ఎల్‌ఈడీ మెరవాలి, కొత్త ఇమేజ్ కోసం ఎదురుచూడాలి.

సీఆర్‌సీ కరెంటు పోవడాన్ని, నెట్‌వర్క్‌లో పాడైన ప్యాకెట్‌ను పట్టుకుంటుంది కానీ మనిషిని పట్టుకోలేదు. కోడ్ మార్చినవాడు సీఆర్‌సీ మళ్లీ లెక్కపెట్టి హెడర్‌లో వేస్తాడు. దానికి సిగ్నేచర్ కావాలి: ప్రైవేట్ కీతో మీరు సంతకం చేస్తారు, బూట్‌లోడర్‌లోని పబ్లిక్ కీ దాన్ని సరిచూస్తుంది. పబ్లిక్ కీ బయటపడినా నష్టం లేదు కాబట్టి ర్యామ్ లీకు భయం ఇక్కడ వర్తించదు. సైజు, వెర్షన్ కూడా సంతకం కిందికి రావాలి. పాత వెర్షన్‌కూ మీ సంతకం ఉంటుంది గనుక, ప్రస్తుత వెర్షన్ కంటే తక్కువదాన్ని బూట్‌లోడర్ ఒప్పుకోకూడదు. ఓపెన్ సోర్స్ బూట్‌లోడర్ ఎంసీయూబూట్ వాడుతుంటే ఒక్కటి తప్పక చూడండి. దాని సోర్సుతో పాటు root-ec-p256.pem లాంటి నమూనా ప్రైవేట్ కీలు వస్తాయి, అవి అందరి దగ్గరా ఉన్నవే. వాటితోనే బ్యాచ్ పంపితే సంతకం ఉన్నా లేనట్టే.

తాళం అన్నిటికంటే చివర్లో వేయాలి. ముందు రాసి, సరిచూసి, సెక్టర్ 0, 1కి రైట్ ప్రొటెక్షన్ పెట్టి, ఆ తర్వాత ఇది:

```
STM32_Programmer_CLI -c port=SWD -ob RDP=0xBB
STM32_Programmer_CLI -c port=SWD -ob displ
STM32_Programmer_CLI -c port=SWD -r 0x08000000 0x100 dump.bin
```

ఆప్షన్ బైట్లు రాసేటప్పుడు సప్లై వదులుగా ఉండకూడదు. మొదటి కమాండ్ తర్వాత బోర్డుకు పవర్ పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వండి. రీసెట్ బటన్ నొక్కితే సరిపోదు, డీబగ్గర్ తగిలి ఉండగా తాళం వేసిన చిప్ పవర్ తీసేదాకా నడవకపోవచ్చు. మూడో కమాండ్ విఫలమైతేనే తాళం పడినట్టు. డంప్ ఫైల్ వస్తే ఆ బోర్డు పక్కన పెట్టండి.

లెవెల్ 1లో ఉన్న బోర్డును ఎవరైనా మొత్తం చెరిపి సొంత ఫర్మ్‌వేర్ వేసుకోగలరు, అప్పుడు మీ బూట్‌లోడరూ ఉండదు, దాని తనిఖీ కూడా ఉండదు. మీ కోడ్ వాళ్ల చేతికి రాదు, అంతవరకే. అలాగే బోర్డులు బిగించే కాంట్రాక్టర్‌కు అప్లికేషన్ హెక్స్ ఫైల్ నేరుగా ఇచ్చేస్తే చిప్ మీద తాళం ఎంత గట్టిదైనా లాభం లేదు. వాళ్లకు బూట్‌లోడర్, హార్డ్‌వేర్ పరీక్ష చేసే చిన్న ప్రోగ్రాం మాత్రమే ఇచ్చి, అసలు అప్లికేషన్ మీ దగ్గర ఎక్కించుకోండి.

తాళం వేయకముందే రెండు నమూనా బోర్డుల మీద మూడు పరీక్షలు చేయండి. సంతకమైన ఇమేజ్‌లో ఒక బైట్ మార్చి పంపితే సీఆర్‌సీ దగ్గర ఆగాలి. అదే ఇమేజ్‌కు సీఆర్‌సీ కొత్తగా లెక్కపెట్టి పంపితే సిగ్నేచర్ దగ్గర ఆగాలి, ఎక్కడ ఆగిందో ఎర్రర్ కోడ్‌లో కనిపించాలి. మూడోది, సెక్టర్ 5 కాపీ నడుస్తుండగా వేర్వేరు క్షణాల్లో పవర్ లాగేయండి, ముఖ్యంగా చెరుపుతున్నప్పుడు, హెడర్ రాసేముందు. ప్రతిసారీ మనిషి చేయి పడకుండా బోర్డు తానే లేచి కొత్త వెర్షన్ నంబర్ చెప్పాలి.