వ్యాన్ నుంచి పెట్టె దించేముందు: పలక మీద ఎప్పుడు జారుతుంది?

ఇల్లు మారేటప్పుడు బరువైన చెక్కపెట్టెను పలక మీదుగా దించుతుంటాం. పెట్టె పలక మీద కదలకుండా నిలబడిందంటే మనకు ధైర్యం వస్తుంది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ఒక లెక్క చూద్దాం. పెట్టె 80 కిలోలు, వ్యాన్ ఎత్తు 1 మీటరు, పలక పొడవు 2 మీటర్లు. అంటే వాలు కోణం θ 30 డిగ్రీలు. బరువు mg, అంటే 80ని 9.8తో గుణిస్తే 784 న్యూటన్లు. దాన్ని రెండు ముక్కలు చేయాలి. పలక వెంట కిందికి లాగే భాగం mg sin θ, అంటే 392. పలకను అదిమే భాగం mg cos θ, అంటే 679. ఈ రెండూ తారుమారైతే లెక్కంతా తప్పే. అనుమానం వస్తే పలకను నేల మీద పడుకోబెట్టినట్టు ఊహించుకోండి: లాగే భాగం సున్నా కావాలి. సున్నా డిగ్రీల దగ్గర సున్నా అయ్యేది సైనే.

కదలకముందు ఘర్షణ గుణకం μ 0.6 అనుకుంటే, దాన్ని అదిమే బలం N, అంటే 679తో గుణించాలి: ఘర్షణ గరిష్ఠంగా 407 న్యూటన్ల వరకు పట్టి ఉంచగలదు. అయితే ఇప్పుడు పనిచేస్తున్న ఘర్షణ 407 కాదు, 392 మాత్రమే. లాగినంతే ఆపుతుంది. చాలామంది విద్యార్థులు ఇక్కడే μN అని రాసేసి, పెట్టె పైకి కదులుతుందన్నట్టు జవాబు తెస్తారు!

మిగిలిన తేడా 15 న్యూటన్లే. కిలోన్నర బరువంత తోపు చాలు. కదిలాక గుణకం 0.5కి పడిపోతే ఘర్షణ 340కి తగ్గుతుంది. ఇక పెట్టె ఆగదు, వేగం పెంచుకుంటూ పోతుంది. అందుకే కింది వైపు ఎవరూ నిలబడకూడదు. పైనుంచి తాడుతో పట్టుకోవాలి, తాడు పలకకు సమాంతరంగా ఉండాలి. పైకెత్తినట్టు లాగితే పెట్టె పలకను అదిమేది తగ్గి, ఘర్షణ కూడా తగ్గుతుంది.

మీ పలక గుణకం తెలియకపోతే ముందురోజే చూసుకోండి. అదే రకం అడుగున్న చిన్న పెట్టెను పలక మీద పెట్టి, ఒక చివరను మెల్లగా ఎత్తండి. జారడం మొదలైన క్షణంలో ఎత్తును, నేల మీది అడ్డ దూరంతో భాగిస్తే అదే గుణకం (tan θ = μ). బరువుతో పని లేదు. 0.6 గుణకమున్న 2 మీటర్ల పలక 1.03 మీటర్ల ఎత్తు దగ్గర జారుతుంది. మన వ్యాన్‌కి మిగిలింది మూడు సెంటీమీటర్లు!

3 మీటర్ల పలక తెచ్చుకుంటే లాగే బలం 261కి దిగుతుంది. కదిలాక కూడా ఘర్షణ 370 వరకు ఆపగలదు కాబట్టి, తోయడం మానేస్తే పెట్టె ఆగిపోతుంది. వాన పడి గుణకం 0.3 అయితే మాత్రం పెట్టె దానంతటదే జారుతుంది. అప్పుడు దాన్ని నిలబెట్టడానికి పొడుగు పలక మీద 40 న్యూటన్లు చాలు, పొట్టి పలక మీద 188 కావాలి. తడి పలకను గుడ్డతో తుడిచాకే పెట్టె ఎక్కించండి.