మొదటి మెసేజ్‌కి జవాబు రావట్లేదా? ముందు ఇవి చూసుకోండి

డేటింగ్ యాప్‌లో మ్యాచ్ అవుతోంది, మెసేజ్ పంపుతున్నారు, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. స్నేహితుల ఫోన్లు చేతిలోకి తీసుకుని ఈ సమస్యను చాలాసార్లు సరిచేశాను. ప్రతిసారీ నేను అడిగేది ఒకటే: ప్రొఫైల్ చివరిదాకా చూశావా? "ఆ, చూశాను" అంటారు. ఆఖరి ఫోటోలో ఏముందో చెప్పమంటే నీళ్లు నములుతారు. ఆ పని చేయకుండా ఇక్కడి నుంచి కిందికి చదవకండి, దండగ.

సమస్య: "హాయ్" దగ్గరే ఆగిపోతోంది

"హాయ్" అనడం తప్పు కాదు. కానీ దానికి తిరిగి "హాయ్" అనడం తప్ప అవతలివాళ్లు చేయగలిగింది లేదు. మాట కలిపే పనంతా వాళ్ల నెత్తిన పడుతుంది. "హాయ్, ఏం చేస్తుంటారు?" కూడా అదే బాపతు. ప్రొఫైల్‌లో ఒక్క వస్తువునో, ఒక్క వాక్యాన్నో పట్టుకుని దాని గురించే రాయండి. హింజ్ యాప్‌లోనైతే ఫలానా ఫోటోకో, ఫలానా జవాబుకో లైక్ కొడుతూ అక్కడే కామెంట్ రాసే వీలుంది. ఆ పెట్టెను ఖాళీగా వదిలి లైక్ మాత్రం పంపేవాళ్లను చూస్తే నాకు నీరసం వస్తుంది.

సమస్య: "థాంక్స్" అని వస్తోంది, అంతే

అందాన్ని పొగిడారన్నమాట. పొగడ్తకు థాంక్స్ కాక ఇంకేం చెబుతారు? 2009లో ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్ వాళ్లు 5 లక్షలకు పైగా తొలి మెసేజ్‌లను పరిశీలించి, రూపాన్ని పొగిడిన వాటికి జవాబులు తగ్గాయనే చెప్పారు. పొగడ్త తీసేయండి.

సమస్య: ప్రొఫైల్ చదివే రాశాను, మంచి ప్రశ్నే అడిగాను, అయినా జవాబు లేదు

నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే. ఒకామె ప్రొఫైల్ నిండా పుస్తకాలు. "మిమ్మల్ని బాగా మార్చేసిన పుస్తకం ఏది, ఎందుకు?" అని రాశాను. గొప్పగా రాశాననుకున్నాను. జవాబు రాలేదు. ఇలాంటివే మరో నలుగురికి పంపాను, అంతే సంగతి. చివరికి ఒక స్నేహితురాలికి చూపిస్తే ఆమె చెప్పింది: "ఇలాంటివి నాకూ వస్తాయి. బాగుంది, తీరిగ్గా రాద్దాం అనుకుని పక్కన పెడతా. తర్వాత గుర్తుండదు."

అంటే మెసేజ్ నచ్చకపోవడం కాదు, జవాబు బరువైపోవడం. అడగడానికి అర నిమిషం, చెప్పడానికి పావుగంట పట్టే ప్రశ్న అది. ఫోన్‌ను ఒంటిచేత్తో పట్టుకుని, ఇంకేదో పనిలో ఉన్న మనిషి దాన్ని వాయిదా వేస్తుంది. ఈ యాప్‌లలో వాయిదా పడ్డ మెసేజ్ కొత్త మ్యాచ్‌ల కిందకి జారిపోతుంది.

కనిపెట్టడం తేలికే. మీ ప్రశ్నకు మీరే జవాబు టైప్ చేయండి. పది సెకన్లలో ఒక వాక్యం రాకపోతే ప్రశ్న మార్చండి.

ఉదాహరణకి, ప్రొఫైల్‌లో మూడో ఫోటోలో చైను ఊడిన సైకిల్, చేతుల నిండా నల్లటి గ్రీజు. కింద "ఆదివారాలు ఏదో ఒకటి రిపేర్ చేస్తా, ఎక్కువగా పాడు చేస్తా" అని ఉందనుకుందాం. "రిపేర్ల మీద ఆసక్తి ఎలా మొదలైంది?" అంటే మళ్లీ పావుగంట ప్రశ్నే. దాన్ని ఇలా మార్చాను:

"ఆ సైకిల్ చైను చివరికి ఎక్కిందా, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లారా? నేను ఫ్యాన్ విప్పి మళ్లీ బిగిస్తే మూడు స్క్రూలు మిగిలాయి. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది."

"ఎక్కింది" అని ఒక్క మాటతోనైనా జవాబివ్వొచ్చు. అలా ఒక్క మాటతో ఆగిపోకుండా చూసేది రెండో భాగం. సైకిల్ గురించి చెప్పాలని లేకపోతే ఆ స్క్రూల మీదైనా ఒక మాట విసరొచ్చు. ప్రశ్న ఒకటే ఉండాలి. మూడు అడిగితే అది ఇంటర్వ్యూ. మీ సంగతి కూడా రెండు చిన్న వాక్యాలు దాటకూడదు. దాటితే మళ్లీ అదే బరువు.

ఇదే లైను అందరికీ కాపీ చేసి పంపొచ్చా అని అడుగుతారు. ఫోటోలో సైకిల్ లేనివాళ్లకు ఎలా పంపుతారండీ?

మిగతావి

జవాబిచ్చే ముందు అవతలివాళ్లు మీ ప్రొఫైల్ తెరుస్తారు. అక్కడ ఒక్కటే మసక ఫోటో ఉంటే ఏ లైనూ పనిచేయదు, ముందు అది సరిచేయండి. యాప్ నన్ను దాచేస్తోంది, పంపిన టైము బాలేదు, ఎమోజీ పెట్టాల్సింది లాంటి అనుమానాలు నా దాకా చాలా వచ్చాయి. మ్యాచ్‌లు మామూలుగా వస్తుంటే వాటి జోలికి పోవద్దు. రెండు రోజులైనా జవాబు లేకపోతే "??" పంపకండి. ప్రొఫైల్‌లోంచి ఇంకో చిన్న విషయం పట్టుకుని ఒక్కసారి రాయండి, దానికీ రాకపోతే వదిలేయండి.