ఈఓటీ క్లెయిమ్ పంపే ముందు ఇవి చూసుకోండి

ఫిడిక్ 1999 రెడ్ బుక్ కాంట్రాక్టులో, డ్రాయింగ్ ఆలస్యం మీద గడువు పెంపు అడుగుతున్నవాళ్ల కోసం.

– ముందు నోటీసు తేదీ. ఆలస్యానికి కారణం మీకు తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో క్లాజు 20.1 కింద నోటీసు వెళ్లకపోతే కాంట్రాక్టు ప్రకారం గడువు పెంచరు, విశ్లేషణ ఎంత బాగున్నా సరే. పూర్తి వివరాలకి అదే రోజు నుంచి 42 రోజులు. పర్టిక్యులర్ కండిషన్స్‌లో ఈ అంకెలు మార్చారేమో కూడా చూడండి.

– విశ్లేషణ పాత బేస్‌లైన్ మీద కాదు, ఆలస్యానికి సరిగ్గా ముందున్న నెల అప్‌డేట్ మీద చేయండి. రాఫ్ట్ డ్రాయింగ్ 20 రోజులు లేటైంది, అప్పటికి ఆ పనికి 8 రోజుల ఫ్లోట్ మిగిలి ఉందనుకోండి, పూర్తి తేదీ జరిగేది 12 రోజులే. 20 అడిగితే ఇంజనీర్ మిగతా లెక్కల్నీ నమ్మడు.

– ఆ 20 రోజుల డైలీ రిపోర్టులు ఒక్కొక్కటీ చదవండి. "బార్ బెండర్లు రాలేదు" అని మన ఫోర్‌మనే రాసి ఉంటే, ఏకకాల ఆలస్యం అని అవతలివాళ్లు పట్టుకునేది ఆ వాక్యాన్నే, కాబట్టి జవాబు ముందే క్లెయిమ్‌లో ఉండాలి.

– డ్రాయింగ్ అందిన తేదీకి ట్రాన్స్‌మిటల్ జతచేయండి. తర్వాత కూర్చుని రాసిన పట్టిక ఆధారంగా నిలబడదు.