నాలుగేళ్ల పిల్లలకు పజిల్ కొనేటప్పుడు: ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి

మా చెల్లెలి కొడుకు నాలుగో పుట్టినరోజుకు ఎవరో 48 ముక్కల ఫ్లోర్ పజిల్ తెచ్చారు. బొమ్మ రైలుబండి. అప్పటిదాకా వాడి దగ్గర ఉన్నవి పిడి పట్టుకుని పెట్టే చెక్క పజిల్స్ రెండే, పండ్లది ఒకటి, జంతువులది ఒకటి. పెట్టె విప్పి ముక్కలన్నీ హాల్లో పరిచాడు. రెండు ముక్కలు చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి ఆనించి నొక్కాడు, అతుక్కోలేదు. ఇంకో రెండు తీశాడు, అవీ అతుక్కోలేదు. "ఇది పాడైపోయింది పెద్దమ్మా" అని లేచిపోయాడు. పజిల్‌కి ఏమీ కాలేదు. చెక్క పజిల్‌కీ దీనికీ మధ్య ఎక్కాల్సిన మెట్లు రెండున్నాయి, వాడు వాటిని ఎక్కలేదు, అంతే.

ఇలాంటి చిక్కులు చాలా ఇళ్లలో చూశాను. పిల్లవాడు ఏం చేస్తున్నాడో చూస్తే కారణం దొరుకుతుంది.

సమస్య: పిడి పజిల్ నిమిషంలో పెట్టేసి, మళ్లీ ముట్టుకోవడం లేదు

కారణం: అందులో ఇక నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. లావుపాటి చెక్క ముక్కలకు ఒక్కోదానికి ఒక్కో గుంట ఉంటుంది. మామిడిపండు ముక్క మామిడిపండు గుంటలోనే పడుతుంది. బొమ్మను చూడక్కర్లేదు, బయటి ఆకారం తెలిస్తే చాలు. రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలకు అది చాలా పని, ఎందుకంటే ముక్కను చేతిలో తిప్పి గుంటకు సరిపెట్టడం అప్పుడే వస్తుంటుంది. నాలుగేళ్ల వాళ్లలో చాలామందికి అది వచ్చేసి ఉంటుంది.

తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. బోర్డును తలకిందులుగా తిప్పి వాళ్ల ముందు పెట్టండి. అయినా తడుముకోకుండా పెట్టేస్తే ఆ దశ అయిపోయినట్టే. ఎన్ని బొమ్మలున్నా ఇంకో పిడి పజిల్ కొనకండి. తడబడితే ఇంకొన్నాళ్లు అదే ఉంచండి, తొందరేం లేదు.

తర్వాతి మెట్టు ట్రే పజిల్. చుట్టూ అంచు ఉన్న పళ్లెంలాంటి బోర్డులో ఒకే పెద్ద బొమ్మ, 9 నుంచి 12 ముక్కలుగా కోసి ఉంటుంది. ముక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, కానీ బయటి చట్రం వాటిని పట్టుకునే ఉంటుంది.

సమస్య: ఫ్లోర్ పజిల్ పరిచి, రెండు మూడు ముక్కలు పెట్టి, ఏడ్చి వదిలేస్తున్నారు

ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొనేటప్పుడు మనం పెట్టె మీద ముక్కల సంఖ్య చూసి, 24 కంటే 48 రెట్టింపు కష్టం అనుకుంటాం. ఒకసారి లెక్క వేసి చూడండి. 12 ముక్కల పజిల్ అడ్డం నాలుగు, నిలువు మూడుగా ఉంటే, చుట్టూ అంచులో ఉండేవి 10, లోపల ఉండేవి 2 మాత్రమే. ఆరు, నాలుగుగా ఉన్న 24 ముక్కల పజిల్‌లో అంచువి 16, లోపలివి 8. ఎనిమిది, ఆరుగా ఉన్న 48 ముక్కల పజిల్‌లో అంచువి 24, లోపలివి కూడా 24. ముక్కలు రెట్టింపైతే లోపలివి మూడింతలయ్యాయి. అంచు ముక్కకు ఒక పక్క తిన్నగా ఉంటుంది, అది ఎటు పెట్టాలో కొంత తెలుస్తుంది. లోపలి ముక్క నాలుగు పక్కలా ఒకేలా కనబడుతుంది. దాని చోటు చెప్పగలిగేది దాని మీదున్న బొమ్మే. పిల్లలు ఆగిపోయేది అక్కడే.

రెండో కారణం, ఫ్లోర్ పజిల్‌కి చట్రం ఉండదు. ఒక ముక్క నొక్కితే పక్కది జరుగుతుంది. నున్నటి టైల్స్ మీద మరీను. చాప మీదైతే అల్లిక ఎత్తుపల్లాలకు అతికినవి ఊడిపోతాయి.

మూడోది బొమ్మ. మావాడి రైలు పజిల్‌లో పైన మొత్తం నీలాకాశం, కింద మొత్తం పచ్చగడ్డి. ఆ ముక్కలు మనకే తేడా తెలియవు.

కొత్తగా కొంటుంటే 24 ముక్కలదే తీసుకోండి. బొమ్మలో ప్రతి మూలా ఏదో ఒకటి ఉండేలా చూడండి: సంత, ఊరు, చేపల చెరువు లాంటివి. పెట్టె మీది బొమ్మపై అరచేయి పెట్టి అటూ ఇటూ జరపండి. చేతి కింద ఒక్క రంగు తప్ప ఏమీ లేని చోట్లు రెండు మూడు దాటితే అది పక్కన పెట్టేయండి.

48 ముక్కలది ముందే ఇంట్లో ఉంటే దాన్నే చిన్నది చేయొచ్చు. మావాడికి నేను చేసింది ఇది. వాడు నిద్రపోయాక గది మూలలో, రెండు గోడలు కలిసేచోట, పజిల్ మూల ఆనించి అంచు 24 ముక్కలూ పేర్చాను. గోడలు రెండువైపులా చట్రంలా అడ్డుకుంటాయి, ముక్కలు జరగవు. లోపలి 24లో ఆకాశానివి, గడ్డివి కలిపి 11, అవీ నేనే పెట్టేశాను. మిగిలిన 13 ఇంజనువి, బోగీలవి. పొద్దున లేచాక వాటిలో నాలుగే బయట ఉంచాను.

ఒక ముక్క మీద ఎర్ర చక్రం సగం ఉంది. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. "చక్రం సగమే ఉంది పెద్దమ్మా, ఇంకో సగం ఏది?" అన్నాడు. ముందు రోజు నొక్కినట్టు నొక్కలేదు, నేల మీద వెతికాడు. ఇంకో సగం దొరికాక పక్కపక్కన పెట్టి, చక్రం గుండ్రంగా అయ్యేదాకా జరిపి, అప్పుడు బొటనవేలితో అదిమాడు. టక్కున కూర్చుంది. ఆ రోజు నాలుగూ పెట్టాడు. మర్నాడు ఏడు ఇచ్చాను, నాలుగో రోజుకి మొత్తం 13. ఆకాశం మాత్రం రెండు నెలలు నా పనిగానే ఉండిపోయింది.

"ఇది ఇక్కడ పెట్టు" అని వేలితో చూపించకండి. "ఈ ముక్క మీద ఏముంది? దాని మిగతాది ఎక్కడుంటుంది?" అని అడగండి.

సమస్య: ముక్కను పిడికిలితో గుద్ది దూరుస్తున్నారు, అంచులు చీలిపోతున్నాయి

మొండితనం అనుకుంటాం గానీ చాలాసార్లు తప్పు కోతలో ఉంటుంది. కొన్ని చౌక పజిల్స్‌లో చాలా ముక్కల కోత ఒకటే కావడంతో, తప్పు ముక్క కూడా కొంచెం బలం పెడితే దూరిపోతుంది. ఒకసారి అలా దూరాక, గుద్దితే పనవుతుందని పిల్లలకు అర్థమవుతుంది. మీరే తప్పు ముక్కను పెట్టి చూడండి. దూరితే ఆ పజిల్ తీసేయండి. అట్ట సంగతి కూడా చూడాలి: మూలను గోటితో మెల్లగా లేపితే పై కాగితం పొర లేస్తోందంటే వారం నిలవదు.

సమస్య: ఇంట్లో ఇంకో చంటిబిడ్డ కూడా ఉంది

మూడేళ్లలోపు పిల్లలకు సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్న వస్తువేదైనా గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. పెద్ద ఫ్లోర్ పజిల్ ముక్కలు ఆ పరిమాణం కంటే పెద్దవే, కానీ నానిన అట్ట ముక్క చిరిగి నోట్లోకి పోతుంది. పాత చెక్క పజిల్ చిన్నవాళ్లకు ఇచ్చే ముందు ప్రతి పిడినీ పట్టి గట్టిగా లాగి చూడండి, వదులైనది ఇవ్వకండి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, పెట్టె మీద అది చూసి కొనండి.

సమస్య: ముక్కలు కలిసిపోయి, ఒకటి తప్పిపోయింది

కొన్నరోజే ఒక్కో పజిల్ ముక్కల వెనక ఒక్కో గుర్తు వేయండి: ఒకదానికి చుక్క, ఒకదానికి గీత, ఇంకోదానికి నక్షత్రం. రెండు పజిల్స్ కలిసిపోయినా పిల్లలే తిరగేసి వేరు చేసుకుంటారు. ఒక ముక్క నిజంగా పోతే, పూర్తిచేసిన పజిల్‌లో ఆ ఖాళీ కింద అట్ట పెట్టి, పెన్సిల్‌తో అంచు గీసి, కత్తిరించి, రంగు వేస్తే సరిపోతుంది. మావాడి రైలుకి ఇప్పుడొక కిటికీ క్రేయాన్‌తో వేసిందే. పజిల్ తీసిన ప్రతిసారీ వాడు ముందు వెతికేది ఆ ముక్కనే.