‘ఓకే, ఆల్ ది బెస్ట్’ అన్న జవాబును సరిచేసిన విధానం

జూన్ 3న మా టీమ్‌లో ఒకమ్మాయి రాజీనామా మెయిల్ పెడితే, మా మేనేజర్ గారు ఫోన్‌లోంచి "ఓకే, నోటీస్ పూర్తి చేసి వెళ్లు, ఆల్ ది బెస్ట్" అని పంపేశారు. ఆయన మనసు మంచిదే. కానీ నాలుగేళ్లు పనిచేసిన మనిషికి అది చాలా పొడిగా అనిపించింది, పైగా ఆఖరి రోజు ఏదో అందులో లేదు.

హెచ్‌ఆర్‌లో ఉన్నాను కాబట్టి ముందు తేదీ తేల్చాను. నోటీసు 60 రోజులు, మెయిల్ మర్నాటి నుంచి లెక్కేస్తే ఆగస్టు 2, అది శనివారం, మాకు సెలవు. మేనేజర్ గారిని అడిగి శుక్రవారం ఆగస్టు 1 ఖాయం చేశాను. రిలీవింగ్ లెటర్‌లోనూ పీఎఫ్ రికార్డులోనూ ఇదే తేదీ పడాలి, తేడా వస్తే తర్వాత ఆ అమ్మాయే తిరగాలి.

ఆయన పేరుతో వెళ్లిన జవాబు ఇది:

"జూన్ 3న మీరు పంపిన రాజీనామాను ఆమోదిస్తున్నాం. మీ ఆఖరి పనిదినం ఆగస్టు 1, శుక్రవారం. బిల్లింగ్ రిపోర్టుల పనిని జులై 25లోగా మీ సహోద్యోగికి అప్పగించండి. ఆఖరి రోజు ల్యాప్‌టాప్, ఐడీ కార్డు ఐటీ, అడ్మిన్ విభాగాలకు ఇచ్చి నో డ్యూస్ తీసుకోండి. మిగిలిన సెలవులు, ఫైనల్ సెటిల్‌మెంట్ వివరాలు హెచ్‌ఆర్ పంపుతుంది. నెలాఖరు రిపోర్టులు ఒక్కసారి కూడా ఆలస్యం కాకుండా చూశారు, అందుకు కృతజ్ఞతలు."

"మీ సేవలు అమూల్యం" అని మొదట రాసి కొట్టేశాను, అది ఎవరికైనా సరిపోతుంది. రిపోర్టుల మాట మాత్రం ఆమెదే.