రోజూ బస్సు, మెట్రోల్లో పోయే టైమ్‌లో నెట్ లేకుండా స్పోకెన్ ఇంగ్లీష్ ప్రాక్టీస్ ఎలా చేయాలి?

నాది ఘట్‌కేసర్ దగ్గర, ఆఫీసు రాయదుర్గంలో. ఉప్పల్ దాకా సిటీ బస్సు, అక్కడి నుంచి బ్లూ లైన్ మెట్రో, దిగాక ఇంకో పావుగంట నడక, పోను రాను కలిపితే రోజుకి మూడున్నర గంటలు పోతాయి. మొదట్లో అందరిలాగే ప్లే స్టోర్‌లో ఫ్రీ అని కనిపించిన ప్రతి యాప్ వేశాను, ఒక టైమ్‌లో ఫోన్‌లో తొమ్మిది ఉన్నాయి. కొన్నిట్లో రెండు లెసన్స్ అవ్వగానే యాడ్, కొన్నిట్లో ఆఫ్‌లైన్ కావాలంటే నెల నెలా డబ్బులు కట్టాలి, అన్నిట్లోనూ వేలితో కరెక్ట్ ఆన్సర్ నొక్కడమే తప్ప నోరు తెరిచే పనే లేదు. నాలుగు నెలలు నొక్కాక కూడా ఆఫీస్ కాల్‌లో నోరు పెగల్లేదు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నవి రెండే యాప్స్, పాడ్‌కాస్ట్‌లు దింపుకుని వినడానికి AntennaPod, వాక్యాలు కార్డుల్లా రాసుకుని గుర్తుపెట్టుకోవడానికి AnkiDroid, వాటికి తోడు ఫోన్‌తో పాటే వచ్చే వాయిస్ రికార్డర్. మూడూ పూర్తిగా ఫ్రీ, యాప్‌లో యాడ్స్ ఉండవు, నెట్ లేకపోయినా పనిచేస్తాయి. ఇది ఆండ్రాయిడ్ వాళ్లకి. ఐఫోన్ వాళ్లయితే AntennaPod బదులు ఫోన్‌లో ఉండే Podcasts యాప్‌లోనే ఎపిసోడ్స్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ Anki ఐఫోన్ యాప్‌కి డబ్బులు కట్టాలి, కాబట్టి కార్డుల పని చిన్న నోట్‌బుక్‌లో చేసుకోండి, ఏం తేడా రాదు.

ముందు ఆదివారం రాత్రి పని, ఇంట్లో వైఫై మీద చేసేది. AntennaPod ఓపెన్ చేసి సెర్చ్‌లో 6 Minute English అని టైప్ చేసి సబ్‌స్క్రైబ్ చెయ్యండి. బీబీసీ వాళ్లది, వారానికి ఒక ఎపిసోడ్ వస్తుంది, ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, మొదట్లో ఒక క్విజ్ ప్రశ్న అడిగి జవాబు చివర్లో చెప్తారు, మధ్యలో ఆరు కొత్త మాటలు వివరిస్తారు. పాత ఎపిసోడ్స్ కుప్పలుగా ఉన్నాయి, సైజు ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంటుందేమో అంతే. మీకు కాస్తయినా ఇంట్రెస్ట్ ఉన్న టాపిక్ ఒకటి చూసుకుని ఒక్కటే డౌన్‌లోడ్ చెయ్యండి. అవును, వారం మొత్తానికి ఒక్కటే, ఎందుకో కింద చెప్తా. తర్వాత bbc.co.uk/learningenglish లో అదే ఎపిసోడ్ పేజీకి వెళ్తే మాటలన్నీ రాసి ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ ఉంటుంది, అది కూడా ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత ఇబ్బంది పడేది ఇక్కడే.

AntennaPod సెట్టింగ్స్‌లో రెండు మార్చాలి. ప్లేబ్యాక్ సెక్షన్‌లో రివైండ్ టైమ్ ఉంటుంది, దాన్ని 5 సెకన్లు పెట్టండి, ఒక వాక్యం అంటే సుమారు అంతే కాబట్టి. అక్కడే హెడ్‌సెట్ బటన్ ఏం చెయ్యాలో కూడా చెప్పొచ్చు, ప్రీవియస్ బటన్‌కి రివైండ్ పెట్టుకుంటే చాలా ఇయర్‌ఫోన్స్‌లో మూడుసార్లు నొక్కగానే వాక్యం మళ్లీ వినిపిస్తుంది. బస్సులో ఒక చెయ్యి రాడ్డుకి పోతుంది, ఇంకో చెయ్యి బ్యాగుకి పోతుంది, ఫోన్ తీసే సీన్ ఉండదు కదా, అందుకే ఈ సెట్టింగ్.

పడుకునే ముందు ఒక టెస్ట్: ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఎపిసోడ్ ప్లే చెయ్యండి, పీడీఎఫ్ తెరవండి. రెండూ వస్తేనే డౌన్‌లోడ్ అయినట్టు. నేను ఆటో డౌన్‌లోడ్‌ని నమ్ముకుని రెండు సోమవారాలు ఉత్త చేతులతో బస్సెక్కాను, తీరా చూస్తే ఫోన్ బ్యాటరీ సేవింగ్ పేరుతో రాత్రి యాప్‌ని ఆపేస్తోంది. మీకూ అలా అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ లిమిట్ తీసెయ్యండి, లేదా నాలాగా చేత్తోనే డౌన్‌లోడ్ నొక్కండి, వారానికి ఒకటే కదా.

ఇక వారం ఎలా నడుస్తుందంటే, సోమవారం ట్రాన్‌స్క్రిప్ట్ చూడకుండా రెండుసార్లు వినండి, దేని గురించి మాట్లాడుతున్నారో అర్థమైతే చాలు. మంగళవారం మెట్రోలో సీటు దొరికితే పీడీఎఫ్ తెరిచి చూస్తూ వినండి. ఇక్కడ ఒక విషయం బయటపడుతుంది, సోమవారం మీకు అర్థం కానివి ఏవో పెద్ద పెద్ద పదాలు అనుకుంటారు, చూస్తే అన్నీ మీకు తెలిసిన చిన్న మాటలే, కలిపి పలకడం వల్ల పట్టుకోలేకపోయారు. ఆ చోట్లు ఐదింటిని గుర్తుపెట్టుకోండి, వారం పని అంతా వాటి మీదే.

బుధ, గురువారాలు అసలు పని. దీన్ని షాడోయింగ్ అంటారు, అంటే నీడలా వెంటపడటం, వాళ్లు మాట్లాడుతుండగానే ఒక అర సెకను వెనక మీరూ అదే మాట, అదే రాగం, అదే స్పీడ్‌లో అనాలి. ఆపి, విని, తర్వాత అనడం కాదు, అది రిపీట్ చెయ్యడం. ఒక వాక్యం చూద్దాం, "ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ ఎర్లియర్". మనం దీన్ని ఐదారు మాటలుగా, ఒక్కో దానికి సమానంగా బరువిచ్చి చదువుతాం, తెలుగు అలా నడిచే భాష కాబట్టి. వాళ్ల నోట్లో అది "ఐషుడవ్ టోల్జూ ఎర్లియర్" అవుతుంది. హావ్‌లో హ ఎగిరిపోయింది, టోల్డ్, యూ కలిసిపోయి జ వచ్చింది, బరువంతా టోల్డ్ మీద, ఎర్లియర్ మీద. మీరు వాళ్ల వెంట అంటున్నప్పుడు ప్రతిసారీ వాళ్ల కంటే లేటుగా ముగిస్తున్నారంటే, మీ ఇంగ్లీష్ స్లో అని కాదు, చిన్న మాటలకి కూడా ఫుల్ బరువిస్తున్నారని అర్థం. షుడవ్ అని కుదించి చూడండి, టైమ్‌కి చేరుతారు.

కాల్ సెంటర్ ట్రైనింగ్‌లో ఎంటీఐ అని ఒక మాట వాడతారు, మాతృభాష ప్రభావం అని. మన తెలుగువాళ్లకి అందులో ముఖ్యంగా రెండు. ఒకటి, మాట చివర అచ్చు తగిలించడం, బస్సు, కారు, బ్యాంకు అని తెలుగులో అన్నట్టే ఇంగ్లీష్‌లోనూ "ఐ వెంటు టు ద బ్యాంకు" అంటాం. షాడోయింగ్‌లో మాట చివర నోరు మూసెయ్యడం మీద మాత్రమే ఒక రోజు దృష్టి పెట్టండి. రెండోది జడ్ శబ్దం, జీరోని జీలకర్రలో జీ లాగా అంటాం. సరిగ్గా రావాలంటే ముందు "స్స్స్" అనండి, నాలుక కదపకుండా గొంతు కలపండి, తుమ్మెద మోతలా వస్తుంది, అదే జడ్. గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది. మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి అనను గానీ, నాకైతే ఈ రెండూ మారాకే కాల్‌లో అవతలివాళ్లు మళ్లీ చెప్పమనడం తగ్గింది.

మరి జనంలో ఎలా మాట్లాడాలి? నాకూ సిగ్గే. మెట్రోలో పెదాలు మాత్రం కదుపుతాను, గొంతు రాకుండా, మాస్క్ ఉంటే ఇంకా సుఖం. బస్సులో ఇంజిన్ మోతకి మెల్లగా అన్నా ఎవరికీ వినిపించదు, కానీ మనకీ పాడ్‌కాస్ట్ సరిగ్గా వినిపించదు, వాల్యూమ్ పెంచి చెవులు పాడుచేసుకోకండి, ఆ ముక్కలో సీటు దొరికితే కార్డులు తిప్పుకోండి. గొంతెత్తి మాట్లాడేది నడకలో. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నడిస్తే కాల్ మాట్లాడుతున్నారనుకుంటారు, ఎవడూ తిరిగి కూడా చూడడు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్స్ తీసెయ్యండి.

కార్డుల సంగతి. AnkiDroid అని పేరు పూర్తిగా టైప్ చెయ్యండి, దగ్గరి పేర్లతో వేరే యాప్స్ ఉన్నాయి. అకౌంట్ కూడా అక్కర్లేదు. వేరేవాళ్లు చేసిన వెయ్యి పదాల డెక్ దింపుకోవద్దు, మీరు పట్టుకోలేకపోయిన ఆ ఐదు వాక్యాలే కార్డులు చెయ్యండి, ముందు వైపు తెలుగు, వెనక ఇంగ్లీష్:

```
Front: నీకు ముందే చెప్పాల్సింది
Back:  I should have told you earlier.
```

తెలుగు ముందుండటమే కీలకం, ఎందుకంటే మాట్లాడేటప్పుడు మన బుర్రలో పని ఆ దిక్కునే జరుగుతుంది. ఇంగ్లీష్ చూసి అర్థం గుర్తుపట్టడం చదవడానికి పనికొస్తుంది, మాట్లాడటానికి కాదు. తెలుగు చూడగానే ఇంగ్లీష్ నోటితో అని, తర్వాతే వెనక్కి తిప్పండి. తిప్పాక వస్తే Good, రాకపోతే Again నొక్కాలి, దాన్ని బట్టే ఆ కార్డు మళ్లీ ఎప్పుడు చూపించాలో యాప్ లెక్కేస్తుంది. నోరు కదలకుండా "ఆఁ ఇది నాకు తెలుసులే" అని Good నొక్కడం నేను చేసిన తప్పు, దాంతో కార్డు వారాల తరవాతకి పోయింది, వచ్చినప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. రెండు సెకన్లలో నోటికి రాకపోతే మొహమాటం లేకుండా Again నొక్కండి. డెక్ ఆప్షన్స్‌లో రోజుకి కొత్త కార్డులు 20 అని ఉంటుంది, 5కి తగ్గించండి, లేకపోతే ఉత్సాహంలో కార్డులు ఎక్కువ చేసినప్పుడు రెండు వారాలకే రివ్యూలు పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే విసుగొస్తుంది.

శుక్రవారం రికార్డింగ్. స్టేషన్ నుంచి ఆఫీసుకి నడుస్తూ, ఏమీ చూడకుండా, ఆ ఎపిసోడ్‌లో ఏం చెప్పారో ఒక నిమిషం మీ మాటల్లో చెప్పి రికార్డ్ చెయ్యండి, వచ్చేటప్పుడు వినండి. నా మొదటి రికార్డింగ్ నిమిషంలో ఇరవై రెండు "అంటే"లు, ఇంగ్లీష్ మాట్లాడుతూ తెలుగు అంటే! వినడం కష్టంగానే ఉంటుంది, డిలీట్ చెయ్యకండి, తేదీ పేరు పెట్టి ఉంచండి. కొలవాల్సింది గ్రామర్ తప్పులు కాదు, ఆగిపోయిన చోట్లు. ఎక్కడ రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆగారో అక్కడ చెప్పాలనుకున్న తెలుగు మాట ఏంటో గుర్తు తెచ్చుకుని, దాని ఇంగ్లీష్ ఎలాగో వెతికి అది వచ్చే వారం కార్డు చెయ్యండి. వారానికి ఒకే ఎపిసోడ్ ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది, రోజుకొకటి వింటే సోమవారం పనే ఐదుసార్లు చేసినట్టు, మిగతా నాలుగు రోజుల పని ఎప్పటికీ రాదు.

ఈ పద్ధతితో రానిది ఒకటుంది, అవతలి మనిషి అడ్డు ప్రశ్న వేస్తే అప్పటికప్పుడు జవాబు చెప్పడం. పాడ్‌కాస్ట్ మనల్ని ఏమీ అడగదు. దానికి నేను మా లైన్‌లోనే వచ్చే ఒక కొలీగ్‌ని పట్టుకున్నాను, హబ్సిగూడలో ఎక్కుతాడు, శుక్రవారం సాయంత్రం మాత్రం అమీర్‌పేట నుంచి హబ్సిగూడ దాకా ఇద్దరం ఇంగ్లీష్‌లోనే, వాడి ఎపిసోడ్ గురించి నేను మూడు ప్రశ్నలు అడగాలి, నా దాని గురించి వాడు అడగాలి, తెలుగు మాట దొర్లితే మిర్చి బజ్జీ బిల్లు ఆ మనిషిదే. పోయిన వారం నేనే కట్టాను.