తుపాను రోజుల్లో ఇంటి నుంచి కాల్స్ తీసుకునేవాళ్లు స్టేటస్ విషయంలో పడాల్సిన జాగ్రత్తలు

మా పర్లాకిమిడిలో అక్టోబరు వచ్చిందంటే గాలి ఎటు తిరుగుతుందా అని చూడటం అలవాటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. అప్పటి చీకటి రోజులు ఇక్కడెవరూ మరచిపోలేదు. మా ఒడియా పొరుగువాళ్లు 'బాత్యా' అన్నా, మేం తుపాను అన్నా, ముందుగా అందరం చేసే పని ఒకటే: నీళ్లు పట్టుకోవడం, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడం. ఇంటి నుంచి కస్టమర్ కాల్స్, చాట్స్ తీసుకునేవాళ్లు ఇంకో పని కూడా ముందే చూసుకోవాలి. అది స్టేటస్, అంటే మనం పనికి సిద్ధంగా ఉన్నామో లేదో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే బటన్. కరెంటు పోయిన తర్వాత చూసుకుందాం అంటే అప్పటికి ఆ బటన్ మన చేతిలో ఉండదు.

నేను తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్ల క్యూలో పనిచేస్తాను. వచ్చిన కాల్స్‌ని వరసలో పెట్టి మాకు పంచేదే క్యూ. ఇలాంటి క్యూలో మనుషులు తక్కువ. ఒక తుపాను రోజు మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నది నలుగురమే. రెండూ పది దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి లాప్‌టాప్, వైఫై రౌటర్ ఆగలేదు. రౌటర్ మీద దీపాలు వెలుగుతున్నాయి, స్క్రీన్ మీద పచ్చగా Available అని ఉంది, పక్కన టైమర్ తిరుగుతూనే ఉంది. కాల్స్ రావడం లేదు, సరే, వానకి జనం ఫోన్ చేయడం లేదేమో అనుకున్నాను. నిజానికి మా వీధి చివర కేబులాయన పెట్టెలో బ్యాటరీ అయిపోయింది. నా ఇంట్లో అన్నీ వెలుగుతున్నా బయటకు దారి లేదు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత మా టీమ్ లీడ్ నుంచి ఎస్సెమ్మెస్ వచ్చింది: "తమ్ముడూ, నీకు కాల్స్ వెళ్తున్నాయి, ఎత్తడం లేదేంటి?"

ఆ ఇరవై అయిదు నిమిషాల్లో క్యూలో ఏం జరిగిందో తర్వాత రిపోర్టు చూస్తే అర్థమైంది. చాలా క్యూలు ఎవరు ఎక్కువసేపటి నుంచి ఖాళీగా ఉన్నారో వాళ్లకి ముందు కాల్ ఇస్తాయి. మా క్యూ కూడా అంతే. మిగతా ముగ్గురూ కాల్ తీసుకున్న ప్రతిసారీ వాళ్ల ఖాళీ సమయం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాది మాత్రం పెరుగుతూనే పోయింది. అంటే లైనులో లేని మనిషే అన్నిటికంటే ముందు వరసలో నిలబడ్డాడు. వచ్చిన ప్రతి కాల్ మొదట నా దగ్గరే ఇరవై సెకన్లు మోగి, తర్వాతే ఇంకొకరికి వెళ్లింది. తొమ్మిది కాల్స్ అలా వెళ్లాయి. తొమ్మిది ఇరవైలు నూట ఎనభై సెకన్లు, మొత్తం మీద మూడు నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ మధ్యలో ముగ్గురూ ఒకేసారి బిజీ అయిన సమయం ఒకటి వచ్చింది. అప్పుడు క్యూ కంటికి ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. ఒక పెద్దావిడ కాల్ నా దగ్గర మోగి, వెనక్కి పోయి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. అలా నాలుగుసార్లు తిరిగాక ఆవిడ ఫోన్ పెట్టేసింది. నేనే లేనని క్యూకి తెలిసి ఉంటే, ఆవిడకి 'మీ కాల్ వరసలో ఉంది' అని చెప్పి, ముగ్గురిలో మొదట ఖాళీ అయినవాళ్లకి ఇచ్చి ఉండేది.

కాబట్టి మొదటి జాగ్రత్త: మీ సాఫ్ట్‌వేర్‌లో కాల్ ఎత్తకపోతే ఏమవుతుందో వానలు మొదలవకముందే కనుక్కోండి. జెనెసిస్ క్లౌడ్‌లో అయితే ఎత్తని కాల్ తర్వాత మన స్టేటస్ Not Responding గా మారుతుంది. మనం తిరిగి మార్చుకునేవరకు కొత్త కాల్ రాదు. అమెజాన్ కనెక్ట్‌లో కూడా కాల్ మిస్ అయ్యాక మనం మళ్లీ Available పెట్టుకోవాలి. ఇలాంటి చోట నష్టం ఒక్క కాల్‌తో ఆగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇలా మారాలా వద్దా అన్నది అడ్మిన్ పెట్టే సెట్టింగే. మాది అలా పెట్టలేదు, అందుకే కాల్ తిరుగుతూ ఉండిపోయింది. టీమ్ లీడ్‌ని అడిగి, పని పలచగా ఉన్న ఒక పూట రౌటర్ తీగ పీకి చూడండి. మీరు లేరని క్యూకి ఎంతసేపటికి తెలుస్తోందో వాళ్ల స్క్రీన్‌లో కనిపిస్తుంది. ఆ లెక్క తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

చాట్‌లో ఇది ఇంకా చెడ్డది. కాల్ అయితే మోగుతుంది, ఎత్తకపోతే వెనక్కి పోతుంది. చాట్‌ని తనంత తానే తీసుకునేలా పెట్టి ఉంటే మోగడం అంటూ ఉండదు. అటువైపు మనిషికి మన పేరు కనిపిస్తుంది, 'నమస్కారం' అని కూడా ఆటోమేటిక్‌గా పోతుంది, ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. ఒకేసారి మూడు చాట్స్ వరకు ఇచ్చే చోట మూడూ అలాగే నిండిపోతాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున ఆటో యాక్సెప్ట్ ఆపమని, మూడు చాట్స్‌ని ఒకటికి తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. లీడ్‌కి ఇది రెండు నిమిషాల పని.

ఇక అసలు అలవాటు మార్చుకోవాల్సిన చోటు ఇది. గాలి పెరిగింది, లైటు రెండుసార్లు రెపరెపలాడింది, కానీ మీరు కాల్‌లో ఉన్నారు. చాలామంది ఈ కాల్ అయ్యాక Break పెడదాం అనుకుంటారు. కాల్ ముగిసిన మరుక్షణమే ఇంకోటి వచ్చి పడుతుంది, ఎందుకంటే మీ స్టేటస్ అప్పటికీ Available యే. అమెజాన్ కనెక్ట్‌లో కాల్ నడుస్తుండగానే తర్వాతి స్టేటస్ ఎంచుకునే వీలుంది. స్క్రీన్ మీద Next status అని కనిపిస్తుంది. ఇప్పటి కాల్ తెగదు, దాని వెనక కొత్తది రాదు. మీ దగ్గర అలాంటిది ఉంటే కాల్ మధ్యలోనే పెట్టేయండి. లేకపోతే కాల్ తర్వాత నోట్స్ రాసుకోవడానికి ఇచ్చే సమయంలోనే, అది ముగియకముందే స్టేటస్ మార్చండి. ఆ సమయం ఎన్ని సెకన్లో మీ టీమ్‌లో అందరికీ తెలిసి ఉండాలి. మా దగ్గర ముప్ఫై సెకన్లు. పెద్ద నోట్ రాస్తూ కూర్చుంటే ముప్ఫై సెకన్లు ఇట్టే అయిపోతాయి.

పేరు చూసి మోసపోయే సంగతి కూడా ఒకటి ఉంది. జెనెసిస్ క్లౌడ్‌లో Available అంటే తోటివాళ్లకు అందుబాటులో ఉన్నారని మాత్రమే. క్యూ నుంచి పని రావాలంటే On Queue లో ఉండాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో కాల్ క్యూకి ప్రెజెన్స్ చూసి కాల్ ఇచ్చే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే Available ఉన్నవాళ్లకే కాల్ వెళ్తుంది. అక్కడ లాప్‌టాప్ లాక్ అయితే స్టేటస్ Away అయిపోతుంది, కాల్స్ ఆగిపోతాయి. ఒక ఆఫీసు వదిలి ఇంకో ఆఫీసులో చేరినవాళ్లు పాత అర్థాన్నే వెంట తెచ్చుకుంటారు. బ్రహ్మపురం నుంచి మా టీమ్‌లోకి వచ్చిన అక్క ఒకామె మొదటి రోజంతా Available పెట్టుకుని 'నాకేం పని రావడం లేదు' అని కూర్చుంది. కొత్త చోట మొదటి రోజే ఏ స్టేటస్‌లో పని వస్తుంది, దేంట్లో రాదు అని ఒక చీటీ మీద రాయించుకుని స్క్రీన్ పక్కన అంటించుకోండి.

బ్రౌజర్ మూసేస్తే ఆఫ్‌లైన్ అయిపోయినట్టే అనుకోకండి. చాలా చోట్ల కాదు. ముందు Offline, తర్వాత లాగౌట్, తర్వాత కిటికీ మూయడం, ఇదే వరస. ఫోన్లో కూడా ఆ యాప్ తెరిచి ఉంటే అక్కడ కూడా చూడండి. లాప్‌టాప్ ఆరిపోయినా ఫోన్ మిమ్మల్ని Available గానే నిలబెట్టవచ్చు. అదే ఫోన్ వల్ల మేలు కూడా ఉంది. ఇంట్లో నెట్ పోయినా టవర్ పనిచేస్తుంటే ఫోన్‌లోనే స్టేటస్ మార్చవచ్చు. డేటా కూడా పోయిందనుకోండి, ఎస్సెమ్మెస్ ఒక్కోసారి అప్పుడు కూడా వెళ్తుంది. నేను ఒక మెసేజ్ ముందే రాసి డ్రాఫ్ట్‌లో ఉంచుకున్నాను: "నెట్ లేదు. నన్ను Offline చేయండి. నా పేరు మీద రెండు చాట్స్ తెరిచి ఉన్నాయి." అంకె ఒక్కటే మార్చి పంపేస్తాను. సూపర్‌వైజర్ తన స్క్రీన్ నుంచి మన స్టేటస్ మార్చగలిగే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఆ అధికారం మీ షిఫ్టులో ఎవరికి ఉందో, వాళ్ల నంబరు ఏంటో కాగితం మీద రాసుకోండి.

ఆ మెసేజ్‌లో చాట్స్ సంగతి ఊరికే పెట్టలేదు. స్టేటస్ మార్చితే కొత్త పని రావడం ఆగుతుంది, అంతే. ఇప్పటికే మన పేరు మీద ఉన్న టికెట్ మామూలుగా మన పేరు మీదే ఉండిపోతుంది. రెండు రోజులు కరెంటు రాకపోతే ఆ టికెట్ రెండు రోజులు కదలదు. క్యూలో లేదు కాబట్టి వేరేవాళ్లకు కనిపించదు కూడా. కాబట్టి వాతావరణ శాఖ మన జిల్లాకి ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఇచ్చిన రోజున, షిఫ్టు ముగిసేలోపు తెరిచి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూసి, అదే రోజు అయ్యేవి ముగించి, మిగతావి తిరిగి క్యూలోకి వదలండి. వదిలేటప్పుడు రెండు ముక్కలు నోట్ రాయండి: కస్టమర్ ఏమడిగారు, మనం ఏం చెప్పాం. తీసుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు.

నిశ్శబ్దాన్ని అనుమానించడం కూడా నేర్చుకున్నాను. టైమర్ తిరగడం లైన్ ఉన్నట్టు కాదు, అది మన బ్రౌజర్‌లోనే తిరుగుతుండవచ్చు. పని ఉండాల్సిన వేళ పది నిమిషాలు ఏమీ రాకపోతే, వేచి ఉన్నవాళ్ల అంకె కదలకుండా అక్కడే నిలిచిపోతే, ఎప్పుడూ తెరవని పేజీ ఒకటి తెరిచి చూస్తాను. తెరుచుకోకపోతే వెంటనే ఎస్సెమ్మెస్.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు తొందరపడకండి. ఇక్కడ మొదటిసారి వచ్చిన కరెంటు అయిదు నిమిషాల్లో మళ్లీ పోవడం మామూలే. నేను పదిహేను నిమిషాలు ఆగుతాను. ఆ సమయంలో Break లోనే ఉండి హెడ్‌సెట్ చూసుకుంటాను, లీడ్‌తో ఒక టెస్ట్ కాల్ మాట్లాడతాను, నా పేరు మీద పాత చాట్ ఏదైనా మిగిలిందేమో చూసి ముగిస్తాను. ఇన్వర్టర్ బ్యాటరీ ఎంతుందో కూడా చూస్తాను. ఒక కాల్ మొత్తం నడిపేంత లేకపోతే Available పెట్టను. ఉంటే అప్పుడు పెడతాను.